విండోస్ టెస్ట్ పాసైంది, మెమ్‌టెస్ట్86 ఫెయిలైంది: ఏ ర్యామ్ పోయినట్టు?

కిరణ్_09: నా ల్యాప్‌టాప్‌లో ర్యామ్ బోర్డు మీదే 8 జీబీ, స్లాట్‌లో ఇంకో 8 జీబీ. వారంగా బ్లూ స్క్రీన్లు. ఒకసారి MEMORY_MANAGEMENT, ఇంకోసారి IRQL_NOT_LESS_OR_EQUAL. విండోస్ మెమరీ టెస్ట్ తప్పేమీ లేదంది. మెమ్‌టెస్ట్86లో 3 ఎర్రర్లు, అడ్రస్ 9 జీబీ దగ్గర. స్లాట్‌లోది మార్చేయనా?

వేణు_ఎన్: 9 అంటే మొదటి 8 దాటేసింది కదా. స్లాట్‌లోదే. కొత్తది వేసేయండి.

బోర్డుపని: అలా లెక్కపెట్టకండి వేణు గారూ. 8కి 8 జత కుదిరితే అది డ్యూయల్ ఛానల్. డేటాను చిన్న చిన్న ముక్కలుగా అటొకటి, ఇటొకటి సర్దుతుంది. 9 జీబీ అడ్రస్ రెండింటిలో దేనిలోదైనా కావచ్చు.
కిరణ్ గారూ, షట్‌డౌన్ చేసి, ఛార్జర్ తీసి, లోపల బ్యాటరీ కనెక్టర్ కూడా ఊడదీశాక స్లాట్‌లోది తీయండి. బోర్డు మీది ఒక్కదానితోనే మెమ్‌టెస్ట్86 4 పాస్‌లు నడపండి. అప్పుడూ ఎర్రర్ వస్తే కొత్త ర్యామ్ కొనడం దండగ.
విండోస్‌ది మామూలుగా స్టాండర్డ్ పరీక్షే చేస్తుంది. అది నడుస్తుండగా F1 నొక్కి Extended పెడితే తప్ప లోతుకు పోదు.

లక్ష్మి_టి: నాకు జిప్ ఫైళ్లు తెరిస్తే CRC ఎర్రర్ వస్తోంది. ఇదీ ర్యామేనా?

బోర్డుపని: ప్రతిసారీ అదే ఫైల్ మొరాయిస్తే ఫైలో, డిస్కో అనుకోండి. అదే ఫైల్ ఒకసారి తెరుచుకుని, రీస్టార్ట్ చేశాక తెరుచుకోకపోతే ర్యామ్ మీద అనుమానం పెట్టుకోండి.

వేణు_ఎన్: ప్రతివాళ్లనీ ల్యాప్‌టాప్ విప్పమంటారేంటి? బ్యాటరీ కనెక్టర్ పిన్ను వంగితే ఎవరిది పూచీ? పోయినసారి ఇలాగే సలహా విని మా తమ్ముడు కీబోర్డు కేబుల్ తెంపుకున్నాడు.

బోర్డుపని: మీ భయం విప్పడం గురించి అయితే ఆ మాటే చెప్పండి, అడ్రస్ లెక్క ఎందుకు? విప్పలేనివాళ్లు షాపుకే వెళ్లాలి, ఒప్పుకుంటాను. అయితే అక్కడా ముందు తీసి చూడమనే అడగాలి.

కిరణ్_09: తీశాను. 4 పాస్‌లూ శుభ్రంగా వచ్చాయి.

వేణు_ఎన్: చూశారా, నేనన్నదే!

బోర్డుపని: ఇంకా తేలలేదు. స్లాట్ కాంటాక్టు సరిగా లేకపోయినా ఇలాగే కనిపిస్తుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో బంగారు పళ్లు తుడిచి, ఆరాక, అదే ర్యామ్‌ను ఏటవాలుగా లోపలికంటా పెట్టి, రెండు పక్కలా క్లిప్పులు పడేదాకా నొక్కండి. మళ్లీ పరీక్ష పెట్టండి. ఎర్రర్ వస్తే మంచిదని తెలిసిన ఇంకో ర్యామ్ అరువు తెచ్చి అదే స్లాట్‌లో చూడాలి.

వేణు_ఎన్: చివరికి ఇంకో ర్యామ్ కావాలనే కదా మీరూ అంటున్నది.

బోర్డుపని: అరువుకి. కొనడానికి కాదు.

కిరణ్_09: తుడిచి పెట్టాను. రెండో పాస్ నడుస్తోంది, ఇంతవరకూ సున్నా ఎర్రర్లు.