రేడియేషన్ ఫిన్ చివర వేడి: cosh ఫార్ములా చాలా, న్యూమరికల్ తప్పదా?

మధురవాడ మెకానికల్: శాటిలైట్ రేడియేటర్ ప్యానెల్‌ని ఫిన్ అనుకుని చేస్తున్నా. గాలి లేదు, రెండు వైపులా రేడియేషన్ ఒక్కటే. అల్యూమినియం, k = 167, మందం 2 మి.మీ., పొడవు 0.3 మీ., ఎమిసివిటీ 0.85, మొదలు దగ్గర 330 కెల్విన్. అవతల అంతా సున్నా కెల్విన్ అనుకోమన్నారు. క్లాసులో cosh ఫార్ములా చాలన్నారు, నాకు వచ్చిన చివరి ఉష్ణోగ్రత 94 కెల్విన్. నమ్మబుద్ధి కావట్లేదు. కోడ్ రాయాల్సిందేనా?

గాజువాక సీనియర్: 94 ఎలా వచ్చిందో తెలుసు తమ్ముడూ. `h = 4εσT³` అని పెట్టి ఉంటావు. ప్లేటుకీ చుట్టుపక్కలకీ తేడా చిన్నదైతేనే అది పనికొస్తుంది. నీకు అవతల సున్నా, కాబట్టి `εσT⁴ = (εσT³)·T`, ఆ 4 ఉండకూడదు. T మొదలు దగ్గరిది వేస్తే 219 వస్తుంది. సరాసరి 285 వేస్తే 251 వస్తుంది. అంతే, అయిపోయింది. ఇరవై ఏళ్లుగా ఇలాగే చేస్తున్నాం, కోడ్ ఎందుకు?

లాసన్స్ బే లెక్కలు: 4 తీసేయమనడం నూటికి నూరుపాళ్లు సరైనది. కానీ 251 దగ్గర ఆగిపోతే పొరపాటే, అన్నా. అసలు సమాధానం 259.7 కెల్విన్, అంటే మైనస్ 13 సెల్సియస్ దరిదాపు. తొమ్మిది డిగ్రీల తేడా ఎందుకంటే, చివరకు వెళ్లేకొద్దీ ప్లేటు చల్లబడుతుంది, చల్లబడ్డ చోట T³ బాగా పడిపోతుంది. 285 దగ్గరి h ఒక్కటే అంతటా వేశారంటే, చివర ఉన్నదానికన్నా ఎక్కువ వేడి పోతున్నట్టు లెక్క. అందుకే ఫార్ములా చివరను మరీ చల్లగా చూపిస్తుంది.

గాజువాక సీనియర్: మరి మొత్తం వేడి ఎంత వస్తుంది నీ కోడ్‌లో? నాకు మీటరు వెడల్పుకి 185 వాట్లు.

లాసన్స్ బే లెక్కలు: నాకు 187.6. ఒక శాతం పైచిలుకు తేడా, అంతే. మీ లెక్క వేడికి బాగా పనిచేస్తుంది, అది ఒప్పుకుంటున్నా. వేడి ఎక్కువగా పోయేది మొదలు దగ్గర, అక్కడ h తక్కువ వేశారు, చివర ఎక్కువ వేశారు, రెండూ ఒకదాన్నొకటి సరిచేసుకున్నాయి. చివరి ఉష్ణోగ్రతకి ఆ అదృష్టం లేదు. తమ్ముడు అడిగింది అదే కదా.

ఎంవీపీ మేడ మీద: నేను చేసి చూశాను కాబట్టి చెబుతున్నా. నల్ల పెయింట్ వేసిన అల్యూమినియం ప్లేటు, ఒక అంచుకి హీటర్ కట్టి మేడ మీద పెట్టాను, రాత్రి తొమ్మిదింటికి. మొదలు 57 సెల్సియస్. చివర ముట్టుకుంటే గోరువెచ్చగానే ఉంది, మైనస్ ఏమీ లేదు! థర్మామీటరులో 36. మీ లెక్కలు తప్పు అనిపిస్తోంది.

లాసన్స్ బే లెక్కలు: మీ కొలత తప్పు కాదండీ, ప్రశ్నే వేరు. మేడ మీద గాలి ఉంది. వేడి ప్లేటు మీద తనంతట తాను లేచే గాలి తీసుకెళ్లే వేడి, రేడియేషన్‌తో సమానంగా ఉంటుంది. పైగా చుట్టూ ఉన్న గాలి 28, 30 ఉంటే చివర దానికన్నా పెద్దగా దిగదు. మన విశాఖ తేమలో ఆకాశం కూడా సున్నా కెల్విన్‌లా కనిపించదు, ఆ తేమే వేడిని తిరిగి కిందకి పంపుతుంది. దీన్ని సరిగా చూడాలంటే వాక్యూమ్ ఛాంబరు, చల్లబరిచిన గోడలు కావాలి.

మధురవాడ మెకానికల్: గురువుగారూ, నేనూ కోడ్ ప్రయత్నించా. మొదలు నుంచి వాలు ఊహించి ముందుకు నడిపిస్తే ఒకసారి T మైనస్‌లోకి పోయింది, ఇంకోసారి మధ్యలోంచి పైకి లేచిపోయింది. టెన్షన్ వచ్చి వదిలేశా.

లాసన్స్ బే లెక్కలు: చివర నుంచి మొదలెట్టు. అక్కడ వాలు సున్నా అని ముందే తెలుసు (2 మి.మీ. అంచు నుంచి పోయేది లెక్కలోకి రాదు), ఊహించాల్సింది ఉష్ణోగ్రత ఒక్కటే. T మైనస్ అయ్యే మాటే ఉండదు. మైనస్ అయినా T⁴ ప్లస్సే కాబట్టి నీ మొదటి కోడ్ ఏ హెచ్చరికా ఇవ్వలేదు, గమనించు.

చివర 250 అనుకుంటే మొదలు 309 వచ్చింది, తక్కువ. 270 అంటే 354, ఎక్కువ. 260 అంటే 330.6. ఇక కొంచెం దించితే 259.7. చివర పెంచితే మొదలు పెరుగుతుంది, వెనక్కి తిరగదు, అందుకే సగానికి సగం కోస్తూ పోయినా దొరుకుతుంది.

```python
from scipy.integrate import solve_ivp
from scipy.optimize import brentq
C = 2*0.85*5.67e-8/(167*0.002)
f = lambda s, y: [y[1], C*y[0]**4]
base = lambda Tt: solve_ivp(f, (0, 0.3), [Tt, 0],
                            rtol=1e-8).y[0, -1]
print(brentq(lambda Tt: base(Tt) - 330, 100, 330))
```

330 చోట 57 అని సెల్సియస్ వేశావంటే మొత్తం పోతుంది, T⁴ కి కెల్విన్ తప్ప ఏదీ అర్థం కాదు.

సరి చూసుకోవడానికి: మొదలు దగ్గర వాలు వర్గం `(2C/5)(T_b⁵ − T_t⁵)` కి సమానం కావాలి. కోడ్ ఇచ్చిన వాలు దీనికి కుదరకపోతే స్టెప్పులు ముతకగా ఉన్నాయని అర్థం.

ఇంకో సంగతి నాకు భలే నచ్చుతుంది. ఈ ప్యానెల్‌లో చివర 431 కెల్విన్ అనుకుని నడిపించు, మొదలు చేరకముందే T అనంతానికి పోతుంది. అంటే మొదలు ఎంత వేడెక్కించినా చివర 431 దాటదు. మొదట చూసినప్పుడు నమ్మలేక మూడుసార్లు లెక్క చేశాను.

గాజువాక సీనియర్: సరే, 259.7 ఒప్పుకున్నా. కానీ అవతల సున్నా కెల్విన్ అనేది నిజంగా ఉండదు కదా. భూమి వేడి, సూర్యుడి వేడి కలిపి 200 కెల్విన్ పరిసరం అనుకుందాం. నీ కోడ్‌లోనే వేసి చూడు.

లాసన్స్ బే లెక్కలు: `C*(y[0]**4 - 200**4)` అని మార్చా. చివర 271 వచ్చింది. పదకొండు డిగ్రీలు పెరిగింది.

గాజువాక సీనియర్: చూశావా? నా ఫార్ములా తప్పు తొమ్మిది డిగ్రీలు, నీ పరిసరం తప్పు పదకొండు. ఫార్ములా మీద ఇంత పోట్లాడి, పరిసరం మాత్రం గాల్లో దీపంలా పెడితే ఏం లాభం?

లాసన్స్ బే లెక్కలు: రెండూ తప్పులైతే రెండూ సరిచేయాలి గానీ, ఒకటి ఉంది కదా అని రెండోది వదిలేయలేం అన్నా. పరిసరం కక్ష్యలో నిమిష నిమిషానికీ మారుతుంది, అది నేనూ ఒప్పుకుంటా. చివర సెన్సరు అతికిస్తే, దాని కనిష్ఠ పరిమితి మైనస్ 20 అయితే, ఈ తొమ్మిది డిగ్రీలే పాస్, ఫెయిల్ తేలుస్తాయి. మీ 251 అంటే మైనస్ 22.

గాజువాక సీనియర్: చల్లగా చూపించే తప్పు కాబట్టి సెన్సరు విషయంలో నా లెక్క జాగ్రత్త వైపే ఉంటుంది. అవసరం లేని హీటర్ ఒకటి పెట్టాల్సి రావచ్చు, అంతేగా.

లాసన్స్ బే లెక్కలు: ఆ హీటరుకి పవర్ ఎక్కడిది?

మధురవాడ మెకానికల్: కోడ్ నడిచింది, 259.7. రిపోర్టులో 251 కూడా పక్కన పెడతా, తేడా ఎందుకో రాస్తా. 200 కెల్విన్ సంగతి మాత్రం మా గైడ్‌ని అడగాలి, సున్నా వేయమన్నది ఆయనే.