కదలనే లేదు, మరి ఘర్షణ ఎక్కడిది?

పదశోధిని:
మా అబ్బాయి పాఠంలో ఒక వాక్యం దగ్గర ఆగిపోయాను. "దిమ్మెను నెట్టినా కదలకపోతే అందుకు కారణం స్థైతిక ఘర్షణ" అని ఉంది. ఘర్షణ అంటే ఒరుసుకోవడం అనే నాకు తెలుసు. దిమ్మె ఉన్నచోటే ఉంటే ఏది దేన్ని ఒరుసుకుంటోంది? మాట తప్పా, నా అవగాహన తప్పా?

నిఘంటుప్రియ:
మాట వరకు మీ అనుమానం సబబే. ఘర్షణకు మూలమైన ధాతువుకి రుద్దడం అనే అర్థం. మన రాపిడి, ఒరిపిడి కూడా కదలికలోంచి పుట్టినవే. కదలని దిమ్మెకి ఈ మూడూ అతకవు. నన్నడిగితే అక్కడ "పట్టు" అనాలి. చెప్పులకు పట్టు లేదంటాం, టైరు పట్టు తప్పిందంటాం. జారనంతసేపూ పట్టు, జారడం మొదలయ్యాక రాపిడి. రెండు స్థితులకీ రెండు మాటలు మన నోట్లో ఎప్పటినుంచో ఉన్నాయి.

వార్తాప్రియుడు:
పేపర్లో "ఘర్షణ వైఖరి" అని రాస్తారు కదా, అక్కడ కూడా పట్టు అని మార్చాలంటారా?

నిఘంటుప్రియ:
లేదండీ, అది మనుషుల సంగతి. ఇక్కడ దిమ్మె గురించే మాట్లాడుతున్నాం.

తొమ్మిదో తరగతి నాన్న:
మాట ఏదైనా విషయం తేలికే. న్యూటన్ మూడో నియమం. మనం ఎంత నెడితే అది అంతే ఎదురు నెడుతుంది. అందుకే కదలదు.

వాలుతలం:
"ఎంత నెడితే అంత" అన్నది నిజమే, కారణమే వేరండీ. మూడో నియమంలో ఆ జంట బలాలు రెండు వేర్వేరు వస్తువుల మీద ఉంటాయి. మీ చేయి పెట్టెను నెడితే పెట్టె మీ చేతిని నెడుతుంది. అది పెట్టె జారిపోతున్నప్పుడు కూడా అంతే నిజం. మూడో నియమమే పెట్టెను ఆపగలిగితే లోకంలో ఏ వస్తువూ కదలకూడదు. పెట్టె కదలకపోవడానికి కావలసినది పెట్టె మీదే పనిచేసే ఇంకో బలం. అది నేల ఇస్తోంది.

ఒక లెక్క చూద్దాం. పెట్టె 40 కిలోలు, బరువు దాదాపు 400 న్యూటన్లు. కదలనప్పటి స్థైతిక గుణకం 0.5, జారేటప్పటి గతిక గుణకం 0.4 అనుకుందాం. బరువుని వీటితో గుణిస్తే నేల పట్టుకోగలిగిన హద్దు 200, జారేటప్పుడు ఉండే రాపిడి 160. మీరు 50 న్యూటన్లతో నెట్టారు, ఘర్షణ 50. 120తో నెట్టారు, ఘర్షణ 120. చేయి తీసేశారు, ఘర్షణ సున్నా. ఈ మూడుసార్లూ 200 అని రాసే పిల్లలు చాలామంది. పట్టు 200 అయితే, 50తో నెట్టినప్పుడు పెట్టె మీ మీదకే రావాలి కదా! f అంటే ఘర్షణ, μ అంటే స్థైతిక గుణకం, N అంటే నేల పెట్టెను పైకి నెట్టే బలం, ఇక్కడ అది బరువుకి సమానం; అందుకే సూత్రాన్ని f = μN అని కాక f ≤ μN అని రాయాలి. 200 అన్నది పట్టుకి హద్దు మాత్రమే.

200 దాటి కొంచెం నెట్టగానే పట్టు విడిపోతుంది, ఘర్షణ 160కి పడిపోతుంది. మీరు 200తోనే నెడుతూ ఉంటే 40 న్యూటన్లు మిగులు. 40 కిలోల పెట్టెకి అది ప్రతి సెకనులోనూ వేగాన్ని సెకనుకి ఒక మీటరు చొప్పున పెంచుతుంది. బరువైనదాన్ని నెట్టేటప్పుడు అది ఒక్కసారిగా కదిలి మనం ముందుకు తూలుతామే, ఆ తూలడం ఈ 40దే.

పదశోధిని:
మాస్టారూ, లెక్క అర్థమైంది. మీరు 50తో నెడుతున్నారని నేలకి ఎలా తెలుస్తుంది?

వాలుతలం:
అసలు అడగాల్సిన ప్రశ్న అదే. పెట్టె "అసలు కదలలేదు" అన్నది మన కంటికి. నున్నగా కనిపించే తలాలు కూడా దగ్గర నుంచి చూస్తే గుట్టలూ గుంటలే. పెట్టె అడుగూ నేలా నిజంగా తాకేది కొన్ని గుట్టల కొసల దగ్గరే. మొత్తం వైశాల్యంలో అది చాలా చిన్న భాగం. ఆ కొసలు బరువుకి నలిగి అతుక్కుని ఉంటాయి. మీరు నెడితే పెట్టె కంటికి కనపడనంత, అంటే మైక్రాన్ల లెక్కన, ముందుకి జరుగుతుంది. కొసలు అదే దిక్కుకి వంగుతాయి, వంగినకొద్దీ స్ప్రింగుల్లా వెనక్కి లాగుతాయి. ఆ లాగుడు మీ తోపు కన్నా తక్కువగా ఉన్నంతవరకు పెట్టె ఇంకాస్త జరిగి వాటిని ఇంకాస్త వంచుతుంది. సమానమైనచోట ఆగుతుంది. నేలకి ఏదీ తెలియనక్కరలేదు. వంపే తోపుని కొలుస్తోంది. తోపు మరీ పెరిగితే అతుకులు తెగుతాయి, అక్కడే జారుడు మొదలు.

జారేటప్పుడు కొసలు తాకుతూ విడిపోతూ ఉంటాయి. నిలబడి బాగా అతుక్కునే వ్యవధి దొరకదు, అందుకే సాధారణంగా రాపిడి పట్టుకన్నా తక్కువ. ఒకచోట ఎక్కువసేపు కదలకుండా ఉన్న వస్తువుని కదిలించడం ఇంకా కష్టమని 18వ శతాబ్దంలోనే కూలుమ్ గమనించాడు. అన్ని జతలకీ ఈ తేడా పెద్దగా ఉండదు. ఉక్కు మీద టెఫ్లాన్ అయితే రెండు గుణకాలూ దాదాపు ఒకటే.

వర్క్‌షాప్:
మా మెషిన్ టేబుల్‌ని బాగా నెమ్మదిగా జరిపితే నున్నగా పోదు. ఆగుతుంది, గబుక్కున ముందుకి దూకుతుంది, మళ్లీ ఆగుతుంది. వేగంగా జరిపితే ఏ గొడవా లేదు. స్క్రూ వదులైందని మొదట దాన్నే బిగించాను, ఫలితం లేదు. ఇది పట్టా, రాపిడా?

వాలుతలం:
రెండూ వంతులవారీగా. నడిపించే భాగాలు కొంచెం వంగుతాయి, స్ప్రింగులా శక్తి దాచుకుంటాయి. పట్టు హద్దు దాటగానే రాపిడి ఒక్కసారి తగ్గుతుంది, దాచుకున్న శక్తి టేబుల్‌ని దూకిస్తుంది. దూకాక లాగుడు తగ్గి మళ్లీ పట్టు పడుతుంది. తలుపు కిర్రుమనేదీ ఇలాగే. టేబుల్ జారే పట్టాలకే, అంటే స్లైడ్‌వేలకే, వేసే ఆయిల్ ఒకటి ఉంటుంది, అది వాడి చూడండి. రెండు గుణకాల మధ్య తేడాని తగ్గించడమే దాని పని.

తొమ్మిదో తరగతి నాన్న:
మూడో నియమం విషయంలో ఇన్నాళ్లూ పొరబడ్డాను. మరి ఘర్షణ చలనాన్ని వ్యతిరేకిస్తుందన్నది? అదీ పోయిందా?

వాలుతలం:
తలాలు ఒకదానిమీద ఒకటి జారడాన్ని వ్యతిరేకిస్తుంది అనండి. నడిచేటప్పుడు పాదం వెనక్కి జారబోతుంది, పట్టు మిమ్మల్ని ముందుకి తోస్తుంది. చలనాన్ని అడ్డుకోవడం కాదు, నడిపిస్తోంది.

నిఘంటుప్రియ:
చూశారా, అక్కడ మీ నోటా "పట్టు"నే వచ్చింది! ఇంకో చిక్కు కూడా ఉంది. స్థితికి "ఇక" చేరి స్థైతిక అయింది, మొదటి అచ్చుకి వృద్ధి వచ్చింది. అదే లెక్కన గతి "గాతిక" కావాలి. పాఠంలో మాత్రం గతిక. తప్పనాలా, వాడుకలో నిలిచిపోయిందనాలా?

పదశోధిని:
దాని సంగతి నాకు తెలియదు కానీ, నిన్న రాత్రి రబ్బరు బ్యాండుతో బరువైన పుస్తకాన్ని లాగి చూశాను. బ్యాండు సాగుతూనే ఉంది, పుస్తకం కదల్లేదు. దాదాపు 16 సెంటీమీటర్ల దగ్గర ఒక్కసారి జారింది. ఆ తర్వాత నెమ్మదిగా ఒకే వేగంతో లాగుతుంటే బ్యాండు 14 దగ్గర నిలిచింది. అబ్బాయి మొదటిదానికి "పట్టు", రెండోదానికి "రాపిడి" అని నోట్సులో రాసుకున్నాడు. పరీక్షలో ఏం రాయమనాలి?

వాలుతలం:
పరీక్షలో స్థైతిక ఘర్షణ, గతిక ఘర్షణ అనే రాయమనండి. ఆ మాటలకే మార్కులు. నోట్సులో వాడు రాసుకున్నది కొట్టేయకండి. రబ్బరు సాగుడు బలానికి సరిగ్గా అనుపాతంలో ఉండదు కాబట్టి ఆ 16, 14లని న్యూటన్లుగా మాత్రం లెక్కకట్టకండి.