ఫోర్స్ డార్క్ పెడితే ఒక యాప్‌లో మాత్రం అక్షరాలు కనబడటం లేదు

ఆండ్రాయిడ్ 13 ఫోన్. డార్క్ థీమ్ రాత్రి 7 నుంచి ఉదయం 6 వరకు షెడ్యూల్‌లో ఉంది. డార్క్ సపోర్ట్ లేని యాప్‌ల కోసం డెవలపర్ ఆప్షన్స్‌లో `Override force-dark` ఆన్ చేశాను. మిగతావన్నీ బాగానే మారాయి. ఒక నోట్స్ యాప్‌లో మాత్రం 7 దాటాక మెనూలు తెల్లటి అక్షరాలతో చక్కగా ఉన్నా, నోటు తెరిస్తే నల్లటి బ్యాక్‌గ్రౌండ్ మీద ముదురు బూడిద రంగు అక్షరాలు. టెక్స్ట్ సెలెక్ట్ చేస్తే తప్ప చదవలేం. పగలు ఏ ఇబ్బందీ లేదు.

నోటు పేజీ బ్యాక్‌గ్రౌండ్ లేని వెబ్‌వ్యూ అనుకుంటున్నా; వెనకున్న లేఅవుట్ నల్లబడింది, వెబ్‌వ్యూలోని అక్షరాలు అలాగే ఉండిపోయాయి. యాప్‌ను ఫోర్స్ స్టాప్ చేశా, క్యాష్ తీసేశా, యాక్సెసిబిలిటీలో హై కాంట్రాస్ట్ టెక్స్ట్ ఆన్ చేశా. మెనూల అక్షరాలకు అంచు వచ్చింది, నోటులో మార్పు లేదు. ఫోర్స్ డార్క్ ఆపేస్తే ఇది బాగుపడుతుంది, కానీ మిగతా యాప్‌లన్నీ మళ్లీ తెల్లగా మెరుస్తాయి.

రూట్ చేయకుండా ఈ ఒక్క యాప్‌ని మాత్రమే ఫోర్స్ డార్క్ నుంచి తప్పించే దారి ఏదైనా ఉందా?