లిమిటెడ్ సిరీస్‌కు రెండో సీజన్ ఎలా వస్తుంది?

సుమతి: లిమిటెడ్ సిరీస్ అని ప్రకటిస్తారు, కథ ముగించేస్తారు, మళ్లీ రెండో సీజన్ తీస్తారు. అలాంటప్పుడు ఆ మాటకు విలువేముంది? మొదటినుంచీ కొనసాగే షో అనే చెప్పవచ్చు కదా?

రాఘవ: ఎక్కువమంది చూస్తే తీస్తారు, చూడకపోతే ఆపేస్తారు. డబ్బు తప్ప ఇందులో వేరే లెక్క లేదు.

వసంత: రాఘవ గారు చెప్పినది సగమే. జనం చూడడం ఒక్కటే కారణమైతే ‘ది క్వీన్స్ గాంబిట్’కు ఎప్పుడో రెండో సీజన్ వచ్చి ఉండాలి. 2020లో వచ్చిన ఆ ఏడు భాగాలను మొదటి నాలుగు వారాల్లోనే 6.2 కోట్ల ఇళ్లలో చూశారని నెట్‌ఫ్లిక్స్ ప్రకటించింది. అయినా కథ అక్కడితోనే ఆగింది.

అమెరికా టీవీలో లిమిటెడ్ అన్న మాట కథ కంటే ముందు నటుల ఒప్పందాల్లో కనిపిస్తుంది. కొనసాగే షోకు నటులను తీసుకునేటప్పుడే చాలా ఏళ్లకు కట్టిపడేసే ఒప్పందం రాయించుకుంటారు. ఏ సీజన్ తరువాత ఆపాలన్నది సంస్థ ఇష్టం. సినిమాల్లో తీరిక లేని పెద్ద తారలు దీనికి సాధారణంగా ఒప్పుకోరు. ఒక్క సీజన్‌తో అయిపోతుందంటేనే వస్తారు. అందుకే సంస్థ రెండో సీజన్ కావాలనుకుంటే ప్రతి ఒక్కరితోనూ మళ్లీ మొదటినుంచి బేరం కుదుర్చుకోవాలి, పారితోషికాలు పెరుగుతాయి. అంత ఖర్చుకు సిద్ధపడ్డారంటే కథలో ఏదో మిగిలిందన్న నమ్మకం కూడా ఉండాలి.

కిరణ్: నాకు బాగా నచ్చిన ఒక షోను మొదటి సీజన్ చివర నాయకుడు ప్రాణాపాయంలో ఉండగా ఆపేశారు. ఒకే సీజన్ కాబట్టి దాన్ని కూడా లిమిటెడ్ సిరీస్ అనాలా?

వసంత: అది వేరే సంగతి, కిరణ్. దాన్ని కొనసాగించాలని మొదలుపెట్టారు, మధ్యలో తుంచేశారు. సుమతి గారు అడుగుతున్నది ముగించిన కథను మళ్లీ తెరవడం గురించి.

దీనికి ‘బిగ్ లిటిల్ లైస్’ మంచి ఉదాహరణ. కథ తెలియకూడదనుకునేవారు ఈ పేరా వదిలేయండి. 2017లో ఏడు భాగాలుగా వచ్చింది, అమెరికా టీవీ అవార్డుల్లో పెద్దదైన ఎమ్మీని లిమిటెడ్ విభాగంలో గెలిచింది. ఆ ఏడాది డిసెంబరులోనే రెండో సీజన్ ప్రకటించారు. అయిదుగురు స్త్రీల ముందే ఒకతను చనిపోతాడు. మూల నవలలో చివరకు వారిలో ఒకరైన బానీ ఆ నేరం ఒప్పుకుంటుంది, సమాజసేవ చేయాలని శిక్ష పడుతుంది. సిరీస్‌లో ఆ ఒప్పుకోలు లేదు. అయిదుగురు స్త్రీలూ పోలీసులకు అబద్ధం చెప్పి ఊరుకుంటారు. ఆఖరి దృశ్యంలో వాళ్లు పిల్లలతో సముద్రతీరాన ఆడుకుంటుంటే దూరం నుంచి ఎవరో బైనాక్యులర్స్‌తో చూస్తుంటారు. చనిపోయిందెవరో, ఎలాగో తెలిసిపోయింది, కానీ అబద్ధం అలాగే మిగిలింది. 2019 నాటి రెండో సీజన్ ఆ అబద్ధం మీదే నడిచి, అయిదుగురూ పోలీసు స్టేషన్‌లోకి నడిచి వెళ్లడంతో ముగిసింది. అంటే నవలలోంచి తీసేసిన ముగింపుకే ఏడు భాగాల తరువాత చేరుకున్నారు. నాకు మాత్రం మొదటి సీజన్ చివరి మౌనమే బలమైనది. దాన్ని విడమరచి చెప్పాల్సిన అవసరం లేదు.

సుమతి: నేను ఒప్పుకోను. అబద్ధం ఆ స్నేహాలను లోలోపల ఎలా తినేస్తుందో రెండో సీజన్‌లోనే కనిపించింది. మెరిల్ స్ట్రీప్ అత్తగారి పాత్ర లేకపోతే భర్తను పోగొట్టుకున్న సెలెస్ట్ దుఃఖం సగమే తెలిసేది. సరే, రెండో సీజన్ వచ్చాక అవార్డుల సంగతేమిటి?

వసంత: అవే పాత్రలతో కథ కొనసాగితే ఎమ్మీలో లిమిటెడ్ విభాగం నుంచి డ్రామా విభాగానికి మారాలి. ‘బిగ్ లిటిల్ లైస్’ రెండో సీజన్ అలాగే మారింది. ‘షోగున్’ మరీ విచిత్రం. 2024 ఫిబ్రవరిలో లిమిటెడ్‌గా మొదలైంది, దాని మూల నవల మొత్తం పది భాగాల్లో అయిపోయింది. మేలో మరిన్ని సీజన్ల పని మొదలైందని ఎఫ్ఎక్స్ ఛానెల్ ప్రకటించింది. ఇంకా ఒక్క దృశ్యం తీయకముందే డ్రామాగా పోటీపడి, సెప్టెంబరులో 18 ఎమ్మీలు గెలుచుకుంది.

రాఘవ: మరి నవల అయిపోయాక ఏమి తీస్తారు? నేనన్నది ఇదే, పేరు అమ్ముడవుతోంది కాబట్టి సాగదీయడం.

వసంత: అక్కడ ఒక వెసులుబాటు ఉంది. కథలోని ప్రభువు తొరనాగ పాత్రకు మూలం జపాన్ చరిత్రలోని తొకుగావా ఇయెయసు. నవల 1600 నాటి సెకిగహారా యుద్ధం ముంగిట ఆగిపోతుంది. ఇయెయసు 1603లో షోగున్, అంటే దేశాన్ని ఏలే సైనికాధిపతి అయ్యాడు, ఒసాకా కోట పతనం 1615లో. చరిత్రలో కావలసినంత కథ ఉంది. అయితే మొదటి సీజన్‌కు ప్రాణమైన మరికో పాత్ర ఇక లేదు. ఆ లోటును చరిత్ర పూడ్చలేదన్నదే నా భయం.

సుమతి: తొరనాగ గెలిచాక ఎలా మారతాడో చూడాలని నాకుంది. ఆ మార్పు రాయగలిగితే మరికో లేకపోయినా నేను చూస్తాను.