రీల్‌కి 20 వేలు ఇచ్చాను, తిరిగొచ్చినట్టా రానట్టా?

పలాస, జీడిపప్పు వ్యాపారి: మా జీడిపప్పు మీద రీల్ చేయడానికి ఒక ఫుడ్ పేజీకి 20 వేలు ఇచ్చాను. 3 లక్షల వ్యూస్ వచ్చాయి. వాళ్ల తగ్గింపు కోడ్‌తో 46 ఆర్డర్లు, దాదాపు 37 వేల అమ్మకం. లాభమే కదా, మళ్లీ చేయించనా?

శ్రీకాకుళం, మొబైల్ షాపు: చేయించన్నా, ఆలోచించకు. 3 లక్షల మంది నీ షాపు పేరు చూశారు, పబ్లిసిటీని రూపాయల్లో కొలవకూడదు.

ఆమదాలవలస, యాడ్స్ పని చేస్తాను: 3 లక్షల మంది కాదండీ. ఒకరే మూడుసార్లు చూస్తే మూడు వ్యూస్. ఎంతమందికి చేరిందో ఆ పేజీవాళ్లకి కనపడే ఇన్‌సైట్స్ లెక్కల్లో వేరే అంకె ఉంటుంది, ఆ పేజీ ఫాలోవర్లు ఏ ఊళ్లవాళ్లో కూడా కనపడుతుంది. స్క్రీన్‌షాట్ మార్చేయొచ్చు కాబట్టి స్క్రీన్ రికార్డింగే అడగండి. ఇక 37 వేలు అమ్మకమే, మిగులు కాదు. సరుకు, ప్యాకింగ్, కొరియర్, కోడ్ తగ్గింపు పోగా ఆర్డర్‌కి ఎంత మిగిలింది? ఆ 46 ఫోన్ నంబర్లూ పాత బిల్లుల్లో ఉన్నాయేమో కూడా చూడండి.

పలాస: రాత్రి కూర్చుని చూశాను. ఆర్డర్‌కి 120 మిగిలింది. 17 నంబర్లు మా పాతవాళ్లవే, ఒకాయనైతే ప్రతి సంక్రాంతికీ తీసుకుంటారు.

ఆమదాలవలస: ఆ 17 మందీ ఎలాగూ కొనేవాళ్లే, వాళ్లకి ఊరికే తగ్గింపు ఇచ్చారు. కొత్తవాళ్లు 29 మంది, 120 చొప్పున 3,480. ఒక్కో కొత్త మనిషికి దాదాపు 690 ఖర్చయింది, అంటే ప్రతి ఒక్కరూ ఆరుసార్లు కొంటేనే మీ 20 వేలు తిరిగొస్తాయి. జీడిపప్పు కాబట్టి మళ్లీ కొనొచ్చు, కానీ ఎంతమంది కొంటారో ఆర్నెల్లు చూస్తేగానీ తెలియదు.

విజయనగరం, చీరల షాపు: మా దగ్గర చీరలు కొనే అమ్మాయే, 8 వేల ఫాలోవర్లు, 3 వేలు తీసుకుని రీల్ చేసింది. పెయిడ్ అని లేబుల్ పెట్టింది, పైగా "ఈ అంచు మొదటి ఉతుకులో రంగు వదులుతుంది, విడిగా నానబెట్టండి" అని చెప్పేసింది. నాకు ఒళ్లు మండింది. తీరా చూస్తే రెండు వారాల్లో 22 మంది ఫోన్‌లో ఆ రీల్ చూపించి అదే చీర అడిగారు, కౌంటర్ పుస్తకంలో గీతలు పెట్టుకున్నాను.

శ్రీకాకుళం: లేబుల్ పెడితే జనం స్క్రోల్ చేసి వెళ్లిపోతారమ్మా.

ఆమదాలవలస: వెళ్లినా సరే, పెట్టాల్సిందే. ప్రకటనల ప్రమాణాల మండలి ఆస్కి 2021లోనే నియమాలిచ్చింది, డబ్బు కాకుండా సరుకు ఉచితంగా ఇచ్చినా చెప్పాలి.

శ్రీకాకుళం: సరే, మరి కోడ్ మర్చిపోయి నేరుగా షాపుకొచ్చినవాళ్ల సంగతి?

ఆమదాలవలస: అది న్యాయమైన ప్రశ్న, నా లెక్కలో వాళ్లు లేరు. కానీ పెళ్లిళ్ల సీజన్‌లో రీల్ పడితే అమ్మకం పెరిగింది దేనివల్లో ఇప్పుడు విడదీయలేం.

పలాస: మాది సరిగ్గా పెళ్లిళ్ల నెలలోనే పడింది. ఈరోజు నుంచి "ఎలా తెలిసింది" అని అడిగి రాసుకుంటున్నాను. ఆ పేజీవాళ్లేమో శుక్రవారంలోపు చెబితే 15 వేలకే చేస్తామంటున్నారు.