అన్నయ్యకు ఫియోక్రోమోసైటోమా: నా పిల్లలకూ జీన్ టెస్ట్ చేయించాలా?

మా అన్నయ్యకు 34 ఏళ్లు. అడ్రినల్ గ్రంథిలో ఫియోక్రోమోసైటోమా గడ్డ ఉంటే ఆపరేషన్ చేసి తీశారు. మా ఇంట్లో ఇంకెవరికీ ఈ జబ్బు లేదు, అయినా జీన్ టెస్ట్ చేయించమన్నారు. ఈ గడ్డ వచ్చినవాళ్లలో దాదాపు మూడో వంతు మందికి కారణం వంశపారంపర్యంగా వచ్చిన జన్యు లోపమేనట. టెస్టులో ఎస్‌డీహెచ్‌డీ జన్యువులో లోపం బయటపడింది.

తర్వాత నాన్నకు చేస్తే ఆయనలోనూ అదే ఉంది. మరి ఆయనకు జబ్బెందుకు రాలేదు? ఈ జన్యువు తండ్రి నుంచి వస్తేనే సాధారణంగా గడ్డలు వస్తాయని, నాన్నకు అది నానమ్మ నుంచి వచ్చి ఉండొచ్చని కౌన్సెలర్ చెప్పారు. వినడానికి వింతగానే ఉంది!

నాకు ఆ లోపం ఉండే అవకాశం సగానికి సగం. లేదని తేలితే ఏటా ఈ గడ్డను పసిగట్టే మెటానెఫ్రిన్ పరీక్షలు, మధ్యమధ్యలో ఎమ్మారైలు అవసరం లేదు. ఉంటే బీపీ మామూలుగా ఉన్నా అవి తప్పవు, మెడలో గడ్డల కోసం కూడా చూడాలట. కాబట్టి నేను చేయించుకుంటాను.

నా టెన్షన్ పిల్లల గురించే. నేను తల్లిని కాబట్టి నా నుంచి వెళితే వాళ్లకు జబ్బు రావడం చాలా అరుదట, కానీ రేపు మా అబ్బాయి నుంచి వాడి పిల్లలకు రావచ్చు. మీ ఇళ్లలో ఇలా తల్లి వైపు నుంచి వచ్చిన పిల్లలకు టెస్ట్ ఎప్పుడు చేయించారు? చిన్నప్పుడేనా, పెద్దయ్యాక వాళ్ల ఇష్టానికి వదిలేశారా?