సిగ్నల్ పోయి వచ్చాక ఫోనులో పాత ధరే: వెబ్‌సాకెట్‌ను ఎలా పరీక్షించాలి?

గునుపూర్ టెస్టర్
మాది రాయగడ జిల్లా గునుపూర్. పత్తి కొనుగోలు యార్డు యాప్‌ను పరీక్షిస్తున్నాను. కాటా మీద తూకం పడగానే బరువు, ధర రైతు ఫోనుకు వెబ్‌సాకెట్ ద్వారా చేరాలి. గదిలో వైఫై ఆపి మళ్లీ పెడితే అంతా సవ్యంగానే ఉంది. యార్డులో మాత్రం కొందరి ఫోన్లలో పాత ధరే నిలిచిపోతోంది, కనెక్షన్ ఉందని చూపే ఆకుపచ్చ చుక్క కూడా వెలుగుతూనే ఉంటోంది. ఈ లోపాన్ని గదిలోనే రప్పించే దారి చెప్పండి.

పర్లాకిమిడి వాసి
మాకూ ఇదే బాధ అండి. పాతపట్నం వైపు నాలుగు అడుగులు వేస్తే ఫోను ఆంధ్రా టవరు పట్టుకుంటుంది, కాసేపు ఏదీ రాదు. సిమ్ మార్చి చూడండి, నాకు అలాగే కుదిరింది.

గునుపూర్ టెస్టర్
రైతుల చేత సిమ్‌లు మార్పించలేను కదా అన్నా. ఏ సిమ్ ఉన్నా యాప్ తట్టుకోవాలి.

జయపురం సర్వర్
ఆయన చెప్పిన టవరు మార్పులోనే మీ జవాబుంది. వైఫై ఆపితే ఆ సంగతి ఫోనుకు వెంటనే తెలుస్తుంది, `onclose` పలుకుతుంది, యాప్ మళ్లీ కలుస్తుంది. టవరు మారినప్పుడో సిగ్నల్ సన్నగిల్లినప్పుడో తెగిన మాట ఎవరికీ అందదు. లినక్స్ సర్వర్ మామూలు అమరికలో పావుగంట దాకా అవే ప్యాకెట్లను తిరిగి పంపుతూ ఉండగలదు. వినడం తప్ప ఏమీ పంపని ఫోనుకైతే అసలు అనుమానమే రాదు. మీ ఆకుపచ్చ చుక్క అదే.

దీన్ని రప్పించడానికి నెట్‌వర్కు లోపాలను కావాలని కలిగించే టాక్సీప్రాక్సీని మధ్యలో పెట్టండి. మొదటి ఆదేశం ఇచ్చి, యాప్‌ను 9001కి కలిపి, చుక్క ఆకుపచ్చగా మారాకే రెండోది ఇవ్వండి:

```
toxiproxy-cli create -l 0.0.0.0:9001 -u localhost:9000 yard
toxiproxy-cli toxic add -t timeout -a timeout=0 yard
```

రెండోది కనెక్షన్‌ను తెంచదు, సర్వర్ నుంచి వచ్చేదాన్ని మాత్రం మింగేస్తుంది. ఈ అడ్డు తీయగానే పాత కనెక్షన్ తెగిపోతుంది. అందుకే చుక్క రంగును అడ్డు ఉండగానే చూడాలి. బ్రౌజర్‌లోని జావాస్క్రిప్ట్ పింగ్ ఫ్రేము పంపలేదు కాబట్టి యాప్ తన సొంత పలకరింపు సందేశం పంపాలి. ఇరవై సెకన్లకోసారి పలకరించి పది సెకన్లు జవాబు కోసం ఆగే యాప్ అయితే, అర నిమిషం దాటాక చుక్క ఆకుపచ్చగా ఉండకూడదు.

సిరొంచ డెవలపర్
నాది గడ్చిరోలి జిల్లా సిరొంచ. తిరిగి కలిశాక వరుస గురించి బెంగ అక్కర్లేదు, టీసీపీలో వరుస తప్పదు. మరీ అనుమానమైతే సందేశంలోని సమయాన్ని బట్టి పేర్చుకోండి.

జయపురం సర్వర్
ఒక కనెక్షన్ లోపల మీ మాట నిజం. తెగి కలిశాక అది రెండో కనెక్షన్, ఆ రెంటి మధ్య ఏ హామీ లేదు. రెండు సర్వర్ల గడియారాలు కాస్త తేడాగా ఉన్నా సమయం మోసం చేస్తుంది. పైగా మధ్యలో ఒకటి రాలేదన్న సంగతి సమయం చెప్పదు. ప్రతి లాటులోని సందేశాలకు సర్వరే వరుస సంఖ్య వేయాలి. ఫోను కలవగానే తనకు అందిన చివరి సంఖ్య చెప్పాలి.

గునుపూర్ టెస్టర్
పలకరింపు పెట్టించాను, చుక్క ఇప్పుడు సరిగ్గా మారుతోంది. వరుస సంఖ్యలు ముందే ఉన్నాయి. అయినా ఒక ఫోను లాగ్‌లో ఇలా వచ్చింది:

```
resume last=41
42 43 44 45 47
```

46 ధర సవరణ. అది డేటాబేసులో ఉంది.

జయపురం సర్వర్
మీ సర్వర్ ముందు పాతవి చదివి, తర్వాత ఫోనును ప్రత్యక్ష ప్రసారంలో చేర్చుతున్నట్టుంది. 45 దాకా చదివాక, చేర్చేలోపు 46 పుట్టింది. పరీక్ష బిల్డులో ఆ రెండు పనుల మధ్య కావాలని రెండు సెకన్లు ఆపించి, సరిగ్గా అప్పుడే కాటా నుంచి ధర మార్పు పంపండి. అప్పుడప్పుడూ వచ్చే లోపం ప్రతిసారీ వస్తుంది.

పనుల వరుస తిప్పితే చాలదు. ముందు చేర్చితే 46 ముందుగా రావచ్చు. ఫోను చివరి సంఖ్య 46 అని రాసుకుని, వెనక వచ్చే 42 నుంచి 45 దాకా పాతవని పారేస్తుంది. ముందు చేర్చి, ప్రత్యక్షంగా వచ్చినవాటిని పక్కన పేర్చి, పాతవి పూర్తయ్యాక వదలాలి. అప్పటికే అందిన సంఖ్యను మళ్లీ తీసుకోకూడదు. తెర చూసి సరిపెట్టుకోకండి. ఫోను అందుకున్న సంఖ్యల జాబితా తీసి, ఖాళీ గానీ రెండోసారి వచ్చినది గానీ ఉంటే పరీక్ష విఫలమయ్యేలా రాయండి.

గునుపూర్ టెస్టర్
ఆపించి చూశాను, 46 ప్రతిసారీ పోతోంది. డెవలపర్‌కు ఇప్పుడు చూపించగలను.

సిరొంచ డెవలపర్
ఇంత తతంగం ఎందుకు? కలవగానే లాటు తాజా స్థితి మొత్తం ఒకేసారి పంపితే పాతవి అక్కర్లేదు కదా.

జయపురం సర్వర్
ధరకు సరిపోతుంది, చివరి ధర తెలిస్తే చాలు. బస్తా బస్తాకూ పడిన తూకాలు రైతుకు విడివిడిగా కావాలంటే? తాజా స్థితి పంపినా, అది ఏ సంఖ్య దాకా నిజమో దానితోపాటు చెప్పకపోతే 46 కథే మళ్లీ వస్తుంది.

సిరొంచ డెవలపర్
తూకాలు కూడా ఆ స్థితిలోనే జాబితాగా పంపవచ్చు. రాత్రంతా ఫోను ఆపి పొద్దున్నే తెరిచినవారికి వందల పాత సందేశాలు తిరగదోడడం నాకైతే నచ్చదు. సర్వర్ వాటిని ఎన్ని గంటలు దాస్తుందో ముందు అది అడగండి.

గునుపూర్ టెస్టర్
ఎన్ని గంటలన్నది మా పత్రంలో ఎక్కడా రాయలేదు. ఆ గడువు దాటి వచ్చిన ఫోనుకు సర్వర్ ఏమి జవాబివ్వాలో కూడా లేదు. ఆ రెండూ అడిగి వచ్చి రాస్తాను.